వేగం పెరగాలంటే ముందు నెమ్మది కావాలి

హైలైట్స్ అంటే ఫోర్లూ వికెట్లూ వరుసగా అతికించడం కాదని నా గట్టి నమ్మకం. 2001 కోల్‌కతా టెస్టు రికార్డింగును పన్నెండు నిమిషాలకు కుదించాలనుకోండి. నాలుగో రోజంతా లక్ష్మణ్, ద్రవిడ్ ఒక్క వికెట్టూ పడనివ్వలేదు. ఆ రోజునుంచి బౌండరీలు మాత్రమే ఏరితే ఆస్ట్రేలియా ఎంత అలసిపోయిందో చూసేవాళ్లకు అందదు. అందుకే అక్కడ షాట్లు పొడుగ్గా ఉంచాలి. వార్న్ బంతిని లక్ష్మణ్ ముందుకొచ్చి ఆన్‌సైడ్ కొట్టాక, ఫీల్డర్ తాడు దగ్గర బంతి తీసుకుని తిరిగి విసిరేదాకా కత్తెర వేయకూడదు. పన్నెండు సెకన్లు పడితే పట్టనివ్వండి. ఆ నెమ్మది ఉంటేనే అయిదో రోజు టీ తర్వాత జరిగింది ఒంటికి తగులుతుంది. 166కు 3 వికెట్లు పోయి ఉన్న ఆస్ట్రేలియా 174కల్లా ఎనిమిదో వికెట్టూ పోగొట్టుకుంది. ఇక్కడ రీప్లేలు తీసేయాలి. మొదటి వికెట్‌కు బౌలర్ రనప్ మొత్తం, తర్వాతిదానికి చివరి రెండడుగులు, ఆపైన బంతి చెయ్యి వదిలే క్షణం నుంచే. ఎనిమిది సెకన్లు, ఆరు, నాలుగు. బొమ్మ ఎంత తెగినా శబ్దం తెగకూడదు. జనం హోరును అడుగున ఒకే ట్రాక్‌గా పరవాలి, లేకపోతే ప్రతి అతుకూ చెవికి దొరికిపోతుంది. చివరి వికెట్ దగ్గర మాత్రం మళ్లీ ఆగి, హర్భజన్ రనప్ పూర్తిగా చూపించాలి. దయచేసి అక్కడ పాట పెట్టకండి, ఈడెన్ గార్డెన్స్ హోరు చాలు.