నకిలీ సర్టిఫికెట్: అసలుదే సరిపోయే చోట ఎందుకీ చిక్కు?

కౌన్సెలింగ్ తేదీలు దగ్గర పడగానే మీసేవ సెంటర్ల ముందు క్యూలు పెరుగుతాయి. ఆ పక్కనే మరో దందా కూడా మొదలవుతుంది. "భాయ్, వారం రోజులు తిరగడం ఎందుకు? సాయంత్రానికి సర్టిఫికెట్ చేతిలో పెడతా" అనే బ్రోకర్ మాటకు చాలా కుటుంబాలు పడిపోతున్నాయి. నిజానికి వీటిలో చాలా ఇళ్లకు అసలు సర్టిఫికెట్‌తోనే పని జరిగేది.

తెలంగాణలో ఒక మున్సిపాలిటీలో ఉండే ఆటో డ్రైవర్ కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. పెట్రోలు, కిస్తీ పోగా ఆయనకు నెలకు 14 వేలు మిగులుతాయి. భార్య కుట్టుపని మీద 2 వేలు వస్తాయి. ఏడాదికి మొత్తం 1,92,000 రూపాయలు. కొడుక్కి ఎప్‌సెట్‌లో ఇంజినీరింగ్ సీటు వచ్చేలా ఉంది. ఇంత ఆదాయం చూపిస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదని ఎవరో భయపెట్టారు. బ్రోకర్ నిరుడు కూతురి కోసం తీసుకున్న ఇన్‌కమ్ సర్టిఫికెట్‌నే స్కాన్ చేసి, పేరు, తేదీ మార్చి, ఆదాయం 60 వేలు అని వేసి ఇచ్చాడు.

కాగితం చూడటానికి అచ్చం అసలులాగే ఉంటుంది. కానీ ఇప్పుడు అధికారులు కాగితాన్ని నమ్మరు, దాని మీద ఉన్న మీసేవ నంబర్‌ను చూస్తారు. ఈ-పాస్‌లో దరఖాస్తు చేసేటప్పుడు ఆ నంబర్ కొట్టగానే అసలు రికార్డు బయటికొస్తుంది. కొడుకు పేరు ఉండాల్సిన చోట అక్క పేరు, ఈ ఏడాది తేదీ ఉండాల్సిన చోట నిరుటి తేదీ కనిపిస్తాయి. నంబర్ కూడా కల్పించిందే అయితే రికార్డే దొరకదు. స్టాంపు, సంతకం ఎంత బాగా కుదిరినా లాభం లేదు. దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.

ఇక్కడ బాధపడాల్సిన విషయం ఇంకొకటి ఉంది. బీసీ, మైనారిటీ విద్యార్థులకు ఆదాయ పరిమితి గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. ఈ కుటుంబం ఉండేది పట్టణంలో. 1,92,000 అని ఉన్నదున్నట్టు రాసినా అర్హత ఉండేది.

కులం సర్టిఫికెట్ విషయంలో పొరపాటు మరో రకంగా జరుగుతుంది. ముస్లిం అయితే చాలు బీసీ-ఈ వస్తుందని చాలామంది అనుకుంటారు. 2007 చట్టం 14 వర్గాలకు మాత్రమే 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. సయ్యద్, మొఘల్, పఠాన్, అరబ్, ఇరానీ వంటి వర్గాలు అందులో లేవు. దూదేకుల వారు బీసీ-బీలో వస్తారు. అందుకే టీసీలో "ముస్లిం" అని మాత్రమే ఉంటే తహసీల్దార్ ఆఫీసు తండ్రిది గానీ, రక్తసంబంధీకులది గానీ కుల ధ్రువీకరణ అడుగుతుంది. తాను ఫలానా వర్గమని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత దరఖాస్తుదారుడిదే.

సయ్యద్, పఠాన్ కుటుంబాలకు దారి మూసుకుపోలేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు వారు మైనారిటీ కింద అదే ఆదాయ పరిమితితో దరఖాస్తు చేసుకోవచ్చు. సీటు కోసం ఈడబ్ల్యూఎస్ 10 శాతం కోటా ఉంది. దానికి కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. కేంద్ర సంస్థలైతే భూమి, ఇల్లు, ప్లాటు పరిమితులు కూడా చూస్తాయి.

తప్పుడు కుల సర్టిఫికెట్‌తో సీటు దొరికినా అది నిలవదు. ఎన్నేళ్లు గడిచినా అలాంటి లబ్ధిని కాపాడటం కుదరదని సుప్రీంకోర్టు 2017లో జగదీశ్ బలరామ్ బహీరా కేసులో తేల్చి చెప్పింది. ఫోర్జరీ కాగితాన్ని అసలుదని చూపించడం క్రిమినల్ నేరం కూడా. బ్రోకర్ ఫోన్ స్విచ్చాఫ్ చేసుకుంటాడు, దరఖాస్తు మీద ఉండేది పిల్లాడి పేరే.

అసలు సర్టిఫికెట్‌కు దారి పెద్ద కష్టమేమీ కాదు. ఆధార్, రేషన్ కార్డు, ఆదాయం గురించి స్వీయ ప్రకటన జతచేసి మీసేవలో దరఖాస్తు పెట్టాలి. ఉద్యోగులైతే జీతం స్లిప్ కూడా ఇవ్వాలి. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ విచారించాక తహసీల్దార్ డిజిటల్ సంతకం చేస్తారు. కులం సర్టిఫికెట్‌కు విచారణ ఎక్కువ కాబట్టి ఇంటర్ పరీక్షలు కాగానే పెట్టుకోవడం మంచిది. ఇన్‌కమ్ సర్టిఫికెట్ మాత్రం జనవరి 1 తర్వాత తీసుకున్నదే కౌన్సెలింగ్‌లో చెల్లుతుంది. నిరుటిది దిద్దుకునే అవసరం ఈ నిబంధన తెలియకే వస్తోంది.

దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగాలి. ఆఫీసులో కదలిక లేకపోతే రసీదు నంబర్‌తో సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇవ్వవచ్చు. సర్టిఫికెట్ చేతికి రాగానే దాని నంబర్‌ను మీసేవ వెబ్‌సైట్‌లో ఒకసారి కొట్టి చూడాలి. పేరు, తేదీ, ఆదాయం అక్కడ సరిగ్గా కనిపిస్తే అది అసలుదే.