గాలి ఆగిందని తలుపు తీయకండి

ఈ వారం ఒక కథ చెబుతాను. ఇందులో మనుషులు నా కల్పన. తుపాను మాత్రం నిజం: 2014 అక్టోబరు 12, ఆదివారం, విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్.

భీమిలి దారిలో ఒక జాలరిపేట. ముందు రేకుల సావిడి, వెనక ఒకే ఒక్క శ్లాబు గది. గదిలో తల్లి, కొడుకు, కోడలు, ఆరేళ్ల మనవరాలు. ముందురోజే ఇంజను ఊడదీసి, గోనెసంచులు చుట్టి మంచం కిందికి తోశారు. వలలు తెచ్చి మూలన కుప్పపోశారు. పిల్ల ఆ కుప్ప మీదే నిద్రపోయింది. పునరావాస కేంద్రానికి రమ్మని మైకులో రెండుసార్లు పిలిచారు. "తెప్పనొగ్గీసి ఎలాగెల్తాం?" అన్నాడు కొడుకు. దాని ఖరీదులో సగం ఇంకా అప్పే. ఉత్తరం నుంచి గాలి కొడుతోందని తెప్పను ఒక గోడకు దక్షిణం పక్కన చేర్చి, మోకులతో బిగించి వచ్చాడు.

తెల్లారింది మొదలు గాలి పెరుగుతూనే ఉంది. సావిడి రేకులు ఒక్కొక్కటే లేచిపోయాయి. తలుపు లోపలికి ఉబ్బుతుంటే మొగుడూ పెళ్లాం వీపులు ఆనించి కూర్చున్నారు. మధ్యాహ్నం ఉన్నట్టుండి అంతా సద్దుమణిగింది. వాన తెరిపిచ్చింది. కిటికీ సందులోంచి వెలుతురు పడింది. సముద్రం హోరు ఒక్కటే వినిపిస్తోంది.

"ఆగిపోనాదమ్మా. తెప్ప సూసొచ్చెత్తాను" అంటూ గడియ మీద చెయ్యి వేశాడు కొడుకు.

"తియ్యకు నాన్నా. అది ఎల్నేదు. మల్లీ వత్తాది, ఈసారి సంద్రం కాడ్నించి" అంది తల్లి. ఆమె చిన్నతనంలో ఇలాంటి తెరిపిలోనే వాళ్లన్న వల తెచ్చుకుంటానని వెళ్లాడు. మళ్లీ రాలేదు. ఆ సంగతి కొడుక్కి తెలుసు. గడియ వదిలేసి కూర్చున్నాడు.

ముప్పావు గంట గడిచిందో లేదో, దక్షిణం నుంచి గాలి విరుచుకుపడింది. ఏ గోడ చాటున తెప్పను దాచాడో ఆ గోడకే వేసి కొట్టింది. మర్నాడు చూస్తే తెప్ప మూతి పగిలి ఉంది. దాన్ని అతుకు వేయించుకోవడానికి మనిషి మిగిలాడు.

తల్లికి తెలిసిన ఈ విషయాన్ని వాతావరణ శాస్త్రం తుపాను కన్ను అంటుంది. మన వైపు తుపాను గాలులు అపసవ్యంగా, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతాయి. నడిమధ్యన గాలి దాదాపు ఉండదు. పడమటికి కదిలే తుపాను మన తీరం దాటేటప్పుడు దాని ముందు సగం ఉత్తరపు గాలులు తెస్తుంది, వెనక సగం దక్షిణపు గాలులు తెస్తుంది. మధ్యలో వచ్చే ప్రశాంతతే జనాన్ని గుమ్మం దాటిస్తుంది.

అది ఎంతసేపు ఉంటుంది? లెక్క సులువే. కన్ను 30 కిలోమీటర్ల వెడల్పు ఉండి, తుపాను గంటకు 15 కిలోమీటర్ల చొప్పున కదులుతోందనుకుందాం. సరిగ్గా మధ్యలో ఉన్న ఊరికి రెండు గంటల తెరిపి. అంచున ఉన్న ఊరికి పది నిమిషాలే. తలుపు వెనక ఉన్న మనిషికి తానెక్కడున్నాడో తెలియదు. అతను పోల్చుకోగలిగింది ఒక్కటే. తుపాను నిజంగా వెళ్లిపోతుంటే గాలి గంటల తరబడి మెల్లగా తగ్గుతుంది. మంచి జోరు మీదుండగా కొద్ది నిమిషాల్లోనే పడిపోతే అది కన్ను.

రేవుల్లో ఎగరేసే సూచికల్లోనూ ఈ కబురు దాగి ఉంది. 8, 9, 10 మూడూ మహా ప్రమాద సూచికలే. 8, 9 అంటే తుపాను రేవుకు ఒక పక్కగా పోతుందని. 10 అంటే రేవు మీదుగానో, మరీ దగ్గరగానో దాటుతుందని. అంటే పదో నంబరు పడిన చోట కన్ను నెత్తి మీదికి రావచ్చు. పేటలో మాత్రం అది ఎనిమిది కన్నా పెద్ద నంబరుగానే చెలామణీ అవుతోంది.

హెచ్చరిక రాగానే కేంద్రానికి వెళ్లడమే సరైన పని, అందులో సందేహం లేదు. ఆ కొడుకు ఆగింది తెప్ప కోసం. కాబట్టి మనుషుల్ని తరలించే వాహనంతో పాటు తెప్పల్ని మెరకకు లాగే ట్రాక్టరు కూడా ముందురోజే పేటకు రావాలి. అధికారులకు మరో మనవి: మైకులో చెప్పే మాటలకు రెండు వాక్యాలు కలపండి. "గాలి ఉన్నట్టుండి ఆగితే బయటికి రావద్దు. రెండో గాలి ఎదురు దిక్కు నుంచి వస్తుంది." ఆ తల్లికి ఇది తెలియడానికి ఒక అన్న పోవాల్సి వచ్చింది. ఇంకెవరికీ ఆ వెల పడకూడదు.