ఇన్వర్టర్ బ్యాటరీ: 150 కొనాలా, 220 కొనాలా?

మనమంతా హైదరాబాదులోనో అమెరికాలోనో, అమ్మానాన్నలేమో జనగామలోనో మహబూబాబాద్‌లోనో భూపాలపల్లిలోనో. ఇన్వర్టర్ కొనాలనగానే షాపాయన "పెద్ద బ్యాటరీ వేస్కోండి సార్" అంటాడు, మనం సరేనంటాం. నన్నడిగితే, ముందు మార్చాల్సింది బ్యాటరీ కాదు, ఫ్యాన్లు.

2012-14 నాటి కోతలకి ఓ టైం టేబుల్ ఉండేది. ఇప్పుడు పెద్ద కోత వచ్చేది గాలివానకి స్తంభాలు పడిపోతేనే. 2023 జూలైలో భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. అలాంటి రాత్రి కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. పక్కనే చెల్పూరులో థర్మల్ స్టేషన్ ఉన్నా, తీగ తెగితే ఏం లాభం?

సరే, లెక్కలోకొద్దాం.

```
hours = Ah * 12 * 0.65 / watts
```

ఆ 0.65 ఎందుకంటే, బ్యాటరీని పూర్తిగా పిండకూడదు, ఇన్వర్టర్ కొంత తింటుంది. పైగా 150 ఏహెచ్ అంటే సాధారణంగా 7.5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు అని అర్థం. మూడు పాత ఫ్యాన్లు కలిసి 20 ఆంపియర్లు దాటి లాగుతాయి. అంత జోరుగా లాగితే అంత రాదు.

మూడు పాత ఫ్యాన్లు (ఒక్కోటి 75 వాట్లు), నాలుగు 9 వాట్ల ఎల్ఈడీ లైట్లు కలిపి 261 వాట్లు. 150 ఏహెచ్ మీద నాలుగున్నర గంటలు. 220 వేసినా ఆరున్నరే. అదే 150 ఉంచి, 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు మూడు పెడితే? లోడు 126 వాట్లు, తొమ్మిది గంటలు పైనే. రాత్రి గడిచిపోతుంది!

ఇంకో మెలిక ఉంది, ఛార్జింగు. ఖాళీ అయిన 150 బ్యాటరీ 15 ఆంపియర్లతో నిండటానికి దాదాపు పది గంటలు. ఛార్జింగు 10 ఆంపియర్లే ఇచ్చే ఇన్వర్టర్‌కి 220 తగిలిస్తే ఇరవై గంటలు పట్టొచ్చు. మధ్యలో నాలుగ్గంటలే కరెంటొచ్చి మళ్ళీ పోతే అది ఎప్పుడూ సగమే నిండుతుంది. సగం నిండి పడున్న బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, కెపాసిటీ పడిపోతుంది. అందుకే, ఇన్వర్టర్ ఛార్జింగు కరెంటు బ్యాటరీ ఏహెచ్‌లో పదో వంతైనా ఉందో లేదో చూశాకే కొనండి.

నిండిందో లేదో తెలియాలంటే పైన తేలే ఎర్ర బుడిపె చూస్తే కుదరదు, అది నీళ్ళ మట్టం మాత్రమే చెప్తుంది. రోజంతా కరెంటున్నాక హైడ్రోమీటరు పెట్టండి. ట్యూబులర్ బ్యాటరీలో 1.240 దగ్గరుంటే నిండినట్టే. 1.200 దాటట్లేదంటే నిండట్లేదనో, ముసలిదైపోయిందనో అర్థం.

ఫ్రిజ్జు, మోటరు కూడా నడవాలంటే ఈ లెక్క పనికిరాదు, అది వేరే కథ. ఫ్యాన్లు, లైట్లకైతే మాత్రం నా ఓటు 150కీ, మూడు బీఎల్‌డీసీ ఫ్యాన్లకీ. మీ ఇంట్లో లోడు ఎంతో ఒకసారి కూడి చూడండి మరి.