ఇంటికో ఉత్తరం: మూడు వేలు ఎక్కువ ఎందుకంటే

బాపూ,
పది వేల ఫోను చాలదా అని అడిగినవు. దాని డబ్బా మీద 8 జీబీ ర్యామ్ అని పెద్దగా ఉంది గాని, కింద చిన్న అక్షరాల్లో 4+4 అని ఉంది. అసలు ర్యామ్ నాలుగే. మిగతా నాలుగు స్టోరేజీ నుంచి అరువు తెచ్చుకునేది.

ర్యామ్ అంటే సాంచా పక్కన చేతికందే కండెలు. స్టోరేజీ అంటే గోదాము. కండె కండెకూ గోదాముకు ఉరికితే సాంచా ఆగుతది కదా! ఆ నాలుగులో చాలా భాగం ఫోను సొంత పనులకే పోతది. పాఠం వీడియో ఆపి నోట్సు తెరిచి వెనక్కి వస్తే, వీడియో మళ్లీ మొదటి నుంచి లోడవుతది.

మెమరీ కార్డు వేస్తే గోదామే పెరుగుతది. ర్యామ్ బోర్డుకే అతికి వస్తది, తర్వాత పెంచలేం. అందుకే అసలు 8 జీబీ ఉన్నది అడుగుతున్న. కెమెరా మామూలుదైనా సరే. కొనేముందు About phone తెరిచి చూద్దాం. చదువు అయ్యేదాకా మళ్లీ ఫోను అడగను.

నీ బిడ్డ, షోలాపూర్