ఒక్క కేసు, ఒక్కటే జవాబు

ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకుని తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలి వచ్చింది. 1960లో అక్కడి శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకంఠయ్య జొన్న ప్రధానాహారమైన వారిలో కనిపించే పెల్లాగ్రాకు, జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్‌కు సంబంధం ఉందని లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. పెల్లాగ్రా అంటే నియాసిన్ లోపం. వైద్య విద్యార్థి తన వార్డు నోట్సులోంచి పరీక్ష బిట్లు తయారు చేసేటప్పుడు ఎక్కడ తప్పటడుగు వేస్తాడో తెలుసుకోవడానికి ఈ జబ్బు మంచి ఉదాహరణ.

ఇలాంటి కేసు ఒకటి ఊహించుకుందాం. నోట్సులో ఇలా ఉంది: 45 ఏళ్ల వ్యవసాయ కూలీ. రోజూ జొన్నరొట్టె తింటాడు, మద్యం తాగుతాడు. నాలుగు నెలలుగా ఐసోనియాజిడ్‌తో కూడిన క్షయ మందులు వాడుతున్నాడు. మెడ చుట్టూ, ముంజేతుల మీద, అంటే ఎండ తగిలే చోటనే, చర్మం నల్లబడి పొలుసులు రాలుతోంది. విరేచనాలు, మతిమరుపు ఉన్నాయి.

విద్యార్థి చేతికి మొదట వచ్చే బిట్టు ‘పెల్లాగ్రా ఏ విటమిన్ లోపం వల్ల వస్తుంది?’ అనేదే. దీనికి రోగిని చూడాల్సిన పనే లేదు. నిర్ధారణను ప్రశ్నలోనే చెప్పేశాక మిగిలేది కంఠస్థం మాత్రమే.

రెండో ప్రయత్నంగా ‘ఈ రోగికి జబ్బు రావడానికి కారణం ఏది?’ అని అడిగి జొన్న, మద్యం, ఐసోనియాజిడ్, ఎండ అని ఆప్షన్లు ఇస్తాడు. ఇక్కడ మొదటి మూడింటికీ జబ్బులో భాగం ఉంది. శరీరం ట్రిప్టోఫాన్ నుంచి నియాసిన్ తయారు చేసుకోవడానికి విటమిన్ బి6 అవసరం. ఐసోనియాజిడ్ దానికి అడ్డు తగులుతుంది. మద్యం అలవాటున్నవారికి తిండి తగ్గుతుంది, పోషకాలు సరిగా ఒంటబట్టవు. జొన్న విషయానికొస్తే, ల్యూసిన్ ప్రతిపాదన మీద తర్వాతి పరిశోధకులందరికీ ఏకాభిప్రాయం లేదు కాబట్టి దాన్ని తిరుగులేని కీగా పెట్టకూడదు. కేసు నిజమైనదే కావచ్చు. కానీ ఒక్కటే జవాబున్న ప్రశ్న అందులోంచి దానంతటదే పుట్టదు.

పోనీ ‘మొదట ఏ విటమిన్ ఇవ్వాలి?’ అని అడిగితే మరో చిక్కు. మద్యం తాగే మనిషికి మతి తప్పితే థయమిన్ ఇవ్వడం సరైన వైద్యమే. ఐసోనియాజిడ్ వాడేవాడికి బి6 ఇవ్వడమూ సబబే. ఈ రెండూ ఆప్షన్లలో ఉంటే బాగా చదివిన విద్యార్థే దెబ్బతింటాడు. సరైన జవాబుకు 4 మార్కులిచ్చి, తప్పుకు 1 మార్కు కోసే నీట్ పీజీ తరహా పరీక్షలో ఇది అన్యాయం.

కాబట్టి నోట్సు మొత్తాన్నీ ప్రశ్నలో కుక్కకూడదు. అడగదలచిన ఒక్క నిర్ణయానికి అవసరమైన ఆనవాళ్లే ఉంచాలి. మద్యాన్ని తీసేసి, చర్మ లక్షణాలు, విరేచనాలు, మతిమరుపు, క్షయ మందులు ఉంచి, ‘వీటన్నిటినీ కలిపి వివరించే లోపం ఏది?’ అని అడగవచ్చు. ఆప్షన్లు: జింక్, నియాసిన్, విటమిన్ ఎ, విటమిన్ సి. నాలుగూ ఒకే జాతివి, నాలుగు లోపాలూ చర్మం మీద జాడ చూపేవే. ఆప్షన్లను చేత్తో కప్పి ప్రశ్న ఒక్కటే చదివినా జవాబు తట్టాలి. తట్టకపోతే ప్రశ్న అసంపూర్ణమని అర్థం.

వివరణలో కీ ఒక్కటే రాసి ఊరుకుంటే సగం పనే అయినట్టు. జింక్ లోపంలోనూ విరేచనాలు, చర్మవ్యాధి ఉంటాయి, అయితే మచ్చలు నోరు, మలద్వారం చుట్టూ మొదలవుతాయి. పెల్లాగ్రాలో ఎండ తగిలేచోట, సరిహద్దు గీసినట్టు కనిపిస్తాయి. సి లోపంలో చిగుళ్ల నుంచి, వెంట్రుకల కుదుళ్ల చుట్టూ రక్తం కనిపిస్తుంది. ఎ లోపంలో రేచీకటి, పొడిబారిన కన్ను ముందుకొస్తాయి. ప్రతి తప్పు ఆప్షన్‌కూ ‘ఏ ఆనవాలు ఉంటే ఇదే జవాబయ్యేది’ అని ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యం రాయలేకపోతే ఆ ఆప్షన్ ఖాళీ నింపడానికే పెట్టాడన్నమాట.

మరో హద్దు కూడా ఉంది. నోట్సులో లేని పరీక్షాఫలితాన్ని ప్రశ్న కోసం కల్పించి ఆ రోగిదిగా చూపకూడదు. రోగి పేరు, ఆస్పత్రి నంబరు బిట్టులోకి రానివ్వకూడదు. వార్డులో కేసు షీటు చూసి సరిదిద్దే అధ్యాపకులే విద్యార్థి రాసిన బిట్టునూ చూడాలి. కేసు తెలియని మరో విద్యార్థి చేత దాన్ని చేయించాలి. అతను రెండు ఆప్షన్ల మధ్య తడబడి రెండింటికీ సరైన కారణం చెప్పగలిగితే లోపం అతని చదువులో లేదు, బిట్టులో ఉంది. దాన్ని పరీక్షలోకి పోనివ్వకుండా తిరగరాయాల్సిందే.