ఆరు సెకన్ల సలహా, అరవై శాతం గీత

తొలి ఉద్యోగం వెతుక్కునే పట్టభద్రుల కోసం కెరీర్ కోచ్‌లు సామాజిక మాధ్యమాల్లో రోజుకొకటి చొప్పున ఇచ్చే క్యాప్షన్ మాలికల్లో, అంటే ఒక చిత్రం కిందనో చిన్న వీడియో కిందనో రెండు మూడు వాక్యాల్లో ముగిసే సలహాల్లో, రెండు మాటలు పదే పదే కనిపిస్తాయి. రిక్రూటర్ రెజ్యూమెను ఆరు సెకన్లకు మించి చూడడన్నది వాటిలో ఒకటి. ఏటీఎస్‌ను దాటని రెజ్యూమె మనిషి కంట పడదన్నది రెండవది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది గాని, ఆ నిజం ఎవరికి, ఎంపికలోని ఏ దశకు వర్తిస్తుందో చెప్పే చోటు క్యాప్షన్‌లో ఉండదు. ఆ లోటు వల్ల అనుభవజ్ఞుల కోసం పుట్టిన సూత్రాన్ని ఫ్రెషర్ యథాతథంగా పాటించి, తనకు అసలు అడ్డుపడుతున్న చోటిని గమనించకుండానే నెలలు గడిపేస్తున్నాడు.

ఆరు సెకన్ల మాటకు మూలం 2012లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం. అధిక జీతాల ఉద్యోగాలకు పేరుపడిన ది ల్యాడర్స్ అనే సంస్థ 30 మంది రిక్రూటర్లు రెజ్యూమెలు చదివే తీరును, వారి చూపు ఎక్కడెక్కడ నిలుస్తుందో నమోదు చేసే పరికరాలతో పరిశీలించి, తొలి చూపుకు సుమారు ఆరు సెకన్లు పడుతోందని ప్రకటించింది. అదే సంస్థ 2018లో ఆ లెక్కను 7.4 సెకన్లుగా సవరించింది. క్యాప్షన్లలో సెకన్ల సంఖ్య మిగిలింది గాని, అంతకంటే ఉపయోగపడే అంశం జారిపోయింది. ఆ కొద్ది వ్యవధిలో చూపు ప్రధానంగా నిలిచినవి అభ్యర్థి పేరు, ప్రస్తుత ఉద్యోగం, అంతకు ముందరి ఉద్యోగం, వాటి తేదీలు, చదువు. ఇంకా ఏ ఉద్యోగమూ చేయని పట్టభద్రుడి రెజ్యూమెలో వీటిలో పేరూ చదువూ తప్ప మిగతా స్థానాలన్నీ ఖాళీగా ఉంటాయి కాబట్టి, అతడు ఆలోచించవలసింది అక్షరాల సైజు గురించి కాదు, ఆ ఖాళీ స్థానంలో దేన్ని నిలపాలన్న దాని గురించి.

హైదరాబాద్ జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలలో ఈసీఈ చదివి 2024లో ఉత్తీర్ణుడై, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం కోరుకుంటున్న అభ్యర్థిని ఉదాహరణగా ఊహించుకోవచ్చు. అతడి రెజ్యూమె పై భాగాన్ని మామూలుగా ఆక్రమించేది, సవాళ్లతో కూడిన సంస్థలో తన నైపుణ్యాలను వినియోగించి సంస్థతో పాటు ఎదగాలన్న అర్థం వచ్చే ఆబ్జెక్టివ్ వాక్యం. అది వందలాది రెజ్యూమెల్లో ఒకే తీరుగా ఉంటుంది గనుక చదివేవారికి ఏ సమాచారమూ ఇవ్వదు. చివరి సంవత్సరం ప్రాజెక్టు మాత్రం ‘విద్యార్థుల హాజరు నమోదు వ్యవస్థ’ అన్న పేరు ఒక్కదానితో పేజీ అడుగున ఉండిపోతుంది. ఆ ప్రాజెక్టునే పైకి తెచ్చి, నలుగురి బృందంలో పరీక్షించే బాధ్యత తనదని, లాగిన్, హాజరు నమోదు, నెలవారీ నివేదిక అనే మూడు భాగాలకు 40 టెస్ట్ కేసులు రాశానని, సెలవు రోజున కూడా హాజరు నమోదవుతున్న లోపాన్ని గుర్తించి సరిచేయించానని రాస్తే, అనుభవం ఉండవలసిన స్థానాన్ని చేసిన పని ఆక్రమిస్తుంది. టెస్ట్ కేసు అంటే ఏ చర్యకు ఏ ఫలితం రావాలో ముందుగా రాసుకుని సరిచూసే విధానం. ఆ లోపం ఎలా దొరికిందని ఇంటర్వ్యూలో అడిగితే, నిజంగా పని చేసినవాడు చెప్పగలడు, ప్రాజెక్టును కొనుక్కున్నవాడు చెప్పలేడు. అందుకే సంఖ్యలు చేర్చమనే క్యాప్షన్ సలహా, చేసిన పనికి చెందిన సంఖ్యలకే పరిమితం కావాలి.

రెండవ మాటకు వస్తే, ఏటీఎస్ అనేది అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్‌కు పొట్టి పేరు. వచ్చిన దరఖాస్తులను భద్రపరచి, రెజ్యూమెలోని పేరు, చదువు, నైపుణ్యాలను విడదీసి గళ్లలో నింపి, రిక్రూటర్ వెతుక్కోవడానికీ వడపోయడానికీ వీలు కల్పించే సాఫ్ట్‌వేర్ ఇది. రెండు నిలువు వరుసల డిజైన్లలో, పట్టికల్లో, బొమ్మల్లో పెట్టిన సమాచారాన్ని కొన్ని వ్యవస్థలు సరిగా విడదీయలేవన్నది నిజమే. దాన్ని పరీక్షించుకోవడానికి డబ్బు చెల్లించి స్కోరు తెచ్చుకోనక్కరలేదు. పీడీఎఫ్‌లోని పాఠమంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే, వాక్యాలు వరుస తప్పాయో లేదో, ఫోన్ నంబరు మాయమైందో లేదో కంటికే తెలుస్తుంది. ఉద్యోగ ప్రకటనలోని పదాలన్నిటినీ తెల్లటి అక్షరాల్లో దాచిపెట్టాలన్న చిట్కా వల్ల, పాఠాన్ని ఇలా విడదీసినప్పుడు దాచిన పదాలే బయటపడి అభ్యర్థి మీద నమ్మకం పోతుంది.

అయితే ఫ్రెషర్లను పెద్ద సంఖ్యలో ఆపేది పదాల వడపోత కాదు, దరఖాస్తు ఫారంలోని అర్హత ప్రశ్నలు. భారతీయ ఐటీ సంస్థల్లో చాలా వరకు ఉత్తీర్ణతా సంవత్సరం, బ్రాంచి, పదవ తరగతి నుంచి డిగ్రీ దాకా 60 శాతం మార్కులు, మిగిలిపోయిన సబ్జెక్టులు అనగా బ్యాక్‌లాగ్‌లు లేకపోవడం వంటి షరతులు పెడతాయి; వాటిలో ఒక్కటి తప్పినా రెజ్యూమె ఎంత చక్కగా ఉన్నా ముందుకు కదలదు. పై ఉదాహరణలోని అభ్యర్థి సీజీపీఏ 6.4 అనుకుంటే, అతడు దాన్ని పదితో గుణించి 64 శాతమని నింపే ప్రమాదం ఉంది. హైదరాబాద్ జేఎన్‌టీయూ ఆర్18 నిబంధనల ప్రకారం సీజీపీఏ నుంచి 0.5 తీసివేసి పదితో గుణించాలి గనుక, అసలు లెక్క 59 శాతం. ఇతర విశ్వవిద్యాలయాల్లో, ఇతర నిబంధనల్లో సూత్రం మారుతుంది కాబట్టి మార్కుల పత్రంలోనో నిబంధనల పుస్తకంలోనో చూసుకుని నింపడమే సరైన పద్ధతి. 64 అని నింపినవాడు రాతపరీక్షా ఇంటర్వ్యూ దాటి కూడా, చేరేముందు ధ్రువపత్రాల తనిఖీలో ఆఫర్ పోగొట్టుకుంటాడు. అది మొదట్లోనే తిరస్కరణ పొందడం కంటే ఎక్కువ నష్టం. వంద దరఖాస్తులకూ జవాబు రానివాడు టెంప్లేట్ మార్చేముందు, వాటిలో తనకు అర్హత ఉన్నవి ఎన్నో లెక్క తీయాలి. పంపిన వెంటనే తిరస్కరణ వస్తుంటే ఆటంకం ఎక్కువగా అర్హత గళ్లలో ఉంటుంది. పిలుపులు వచ్చి మొదటి రౌండ్‌లోనే ఆగిపోతుంటే రెజ్యూమె పని చేస్తున్నట్టే, సన్నాహం చాలడం లేదన్నమాట.

59 శాతం దగ్గర నిలిచిన అభ్యర్థికి దారులు మూసుకుపోవు గాని మారతాయి. శాతాల పట్టింపు లేని చిన్న సంస్థలు, నైపుణ్య పరీక్షతోనే వడపోసే నియామకాలు ఒక దారి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద పట్టభద్రులకు ఏడాదిపాటు పని నేర్పి, స్టైపెండ్ ఇచ్చి, చివర ధ్రువపత్రం అందించే కేంద్ర ప్రభుత్వ పథకం నాట్స్ మరొక దారి. క్యాప్షన్ మాలికల్లో ఈ రెండవదాని ప్రస్తావన అరుదు. అది పేజీ పైభాగాన ఖాళీగా ఉన్న ‘అనుభవం’ స్థానాన్ని నిజంగా నింపుతుంది కాబట్టి, దాన్ని పక్కన పెట్టి టెంప్లేట్ల గురించి వరుసగా సలహాలివ్వడం బాధ కలిగించే విషయం.

అదే ఖాళీని డబ్బు తీసుకుని నకిలీ అనుభవ పత్రాలతో నింపుతామనే వ్యాపారం హైదరాబాద్‌లో ఎంతగా పాతుకుపోయిందో తెలుగు కుటుంబాలకు తెలియనిది కాదు. చూపించిన రెండేళ్ల కొలువుకు సాధారణంగా భవిష్యనిధి ఖాతాలో నెలనెలా జమలు ఉండాలి. యూఏఎన్ అనే శాశ్వత సంఖ్య ద్వారా పాత యజమానులెవరో, చేరిన తేదీ ఏదో కొత్త యజమాని సరిచూడగలడు. అక్కడ పట్టుబడినవాడిని ఉద్యోగంలో చేరి ఆరు నెలలైన తరువాత కూడా తొలగిస్తారు, అప్పటికి ఫ్రెషర్ నియామకాలకు కావలసిన ఉత్తీర్ణతా సంవత్సరమూ దాటిపోయి ఉంటుంది.