400 డాలర్లు సరే, ఏ డాలర్లు?

నాది కాశీబుగ్గ, క్లయింటుది టొరంటో. వెబ్‌సైట్ డిజైన్ చేసిచ్చాను. బిల్లు 400 డాలర్లు, గడువు 15 రోజులు. ఇరవై రెండో రోజుకీ డబ్బు రాలేదు. లాప్‌టాప్ ఈఎంఐ మాత్రం టంచనుగా కట్ అయింది. ‘పేమెంట్ సంగతి ఏమైనా తెలిసిందా?’ అని మొహమాటంగా మెయిల్ పెట్టాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

వాట్సాప్‌లో అడిగితే అసలు సంగతి తెలిసింది. బిల్లు మీద ‘$400’ అని ఉంది. అవి అమెరికా డాలర్లా, కెనడా డాలర్లా? గుర్తు ఒకటే, విలువ వేరు. పైగా నేనిచ్చింది ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ. ఐఎఫ్‌ఎస్‌సీ మన దేశంలో పంపుకోవడానికే పనికొస్తుంది, బయటి నుంచి రావాలంటే స్విఫ్ట్ కోడ్ కావాలి. టెక్కలిలో నా బ్యాంకు బ్రాంచికి వెళ్తే, ‘మాకు సొంత కోడ్ లేదు బాబూ, విశాఖలో ఫారెక్స్ చూసే బ్రాంచిది రాయి. ఖాతా నంబరు నీదే ఉంచు’ అన్నారు.

ఇక చార్జీలు. ఉద్దానంలో జీడిపిక్కలు అమ్మే రైతుకి తరుగు గురించి చెప్పక్కర్లేదు. ఇక్కడా అంతే. కెనడా నుంచి అమెరికా డాలర్లు వస్తుంటే మధ్యలో ఇంకో బ్యాంకు తగులుతుంది, తన కూలి అందులోంచే కోసుకుంటుంది. పంపే ఫారంలో SHA అని పెడితే ఆ కోత మనకి, OUR అని పెడితే పంపేవాళ్లకి. OUR పెట్టినా మన బ్యాంకు ఏదైనా చార్జీ తీసుకోవచ్చు, అది రూపాయల్లోకి మార్చే రేటూ మనదే.

రెండో మెయిల్ ఇలా పెట్టాను: ‘ఫలానా నంబరు బిల్లు, USD 400, గడువు దాటి 9 రోజులైంది. సరిచేసిన బిల్లు జతచేశాను. OUR పెట్టి పంపండి, నాకు 400 పూర్తిగా చేరాలి. బ్యాంకు వివరాలు మారాయి కాబట్టి ముందు వీడియో కాల్‌లో నన్నే అడిగి సరిచూసుకోండి. శుక్రవారంలోగా ఏ రోజు పంపుతారో చెప్పండి.’

వీడియో కాల్ ఎందుకంటే, మెయిల్‌లో బ్యాంకు వివరాలు మార్చి డబ్బు కొట్టేసే మోసాలు మామూలే. చెప్పకుండా మారిస్తే ఏ అకౌంట్స్ వాళ్లయినా ఆపేస్తారు, ఆపాలి కూడా.

అదే రోజు కాల్ చేశారు, మర్నాడు పంపారు. రెండు రోజులైనా ఖాతాలో పడకపోతే పేమెంట్ కాపీ అడిగాను. అందులో OUR ఉందో లేదో కనిపిస్తుంది, UETR అనే పొడుగాటి నంబరూ ఉంటుంది. దాంతో డబ్బు ఏ బ్యాంకులో ఆగిందో వెతకొచ్చు. మాది మా బ్యాంకులోనే ఆగింది! ఏ పనికి వచ్చిన డబ్బో పర్పస్ కోడ్ రాసివ్వాలట. రాసిచ్చిన సాయంత్రమే పడింది.